వడ్డీ పదిశాతం, ఖర్చు ఏడున్నర శాతం: తేడా ఎవరు భరిస్తారు?

కొత్త యంత్రాల కోసం మా కంపెనీ 10 శాతం వడ్డీకి అప్పు తీసుకుంటోంది. లెక్కలు చూసే మా భాగస్వామి మాత్రం అప్పు ఖర్చు 7.5 శాతమే అని రాస్తున్నారు. బ్యాంకుకు కట్టేది 10 శాతం కదా, మిగతా 2.5 ఎక్కడ తగ్గింది? అప్పు అంత చౌకైతే ఇంకా ఎక్కువ తీసుకోవచ్చా?

బ్యాంకు మీకు ఏమీ తగ్గించలేదండీ. తగ్గింది మీరు కట్టే పన్ను. వడ్డీని ఖర్చుగా చూపి లాభంలోంచి తీసేసిన తర్వాతే పన్ను లెక్కిస్తారు. వాటాదారులకు ఇచ్చే డివిడెండ్‌కు ఆ సౌకర్యం సాధారణంగా ఉండదు, అది పన్ను కట్టాక మిగిలిన డబ్బులోంచే పోతుంది. మీ భాగస్వామి చూపిన తేడా ఇక్కడే పుట్టింది.

కంపెనీలో పెట్టిన మొత్తం సొమ్మును 100 అనుకుందాం. అందులో అప్పు 40, వాటాదారులది 60. పన్ను 25 శాతం, వడ్డీకి ముందు లాభం 20. అప్పే లేకపోతే పన్ను 5 అవుతుంది. అప్పు మీద వడ్డీ 4 పోతే లాభం 16కు తగ్గి, పన్ను 4 అవుతుంది. అంటే బ్యాంకుకు 4 కట్టారు, పన్నులో 1 మిగిలింది. మీ మీద పడిన అసలు భారం 3. నలభైకి మూడంటే 7.5 శాతం. వాటాదారులు తమ సొమ్ముపై 16 శాతం ఆశిస్తున్నారనుకుంటే 60కి 9.6 అవుతుంది. రెండూ కలిపితే వందకు 12.6. సగటు మూలధన వ్యయం అంటే ఇదే. పన్ను ఆదా లేకపోతే అది 13.6 అయ్యేది.

ఇంతవరకు మీ భాగస్వామి చెప్పింది సరైనదే. నాకు భయం వేసేది తర్వాతి మెట్టు గురించి. యంత్రాలు ఏటా ఎంత నగదు తెస్తాయో అంచనా వేసేటప్పుడు, చాలామంది పన్ను గడిలో వడ్డీ తీసేశాక వచ్చిన 4నే వేస్తారు. ఆ నగదును మళ్లీ 12.6 శాతంతో డిస్కౌంట్ చేస్తారు, అంటే రాబోయే డబ్బును ఆ రేటుతో తగ్గించి నేటి విలువకు తెస్తారు. అప్పుడు ఒకే ఆదా రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, నగదులో ఒకసారి, రేటులో మరోసారి. నష్టం తెచ్చే పథకం కూడా కాగితం మీద లాభసాటిగా కనిపిస్తుంది. తగ్గించిన రేటు వాడుతున్నారంటే, అంచనాలో పన్నును అప్పు లేనట్టే, అంటే 20 మీద 5గా వేయాలి. వడ్డీని కూడా నగదులోంచి తీయకూడదు, అది ఆ రేటులోనే ఉంది.

ఇక ఆ 7.5 ఎప్పుడూ నిలిచి ఉంటుందనుకోకండి. లాభం ఉంటేనే ఆదా. ఒక ఏడాది వడ్డీకి ముందు లాభం 3కు పడిపోయిందనుకోండి. అప్పు లేకపోతే పన్ను 0.75 వచ్చేది, వడ్డీ పోయాక పన్నే లేదు. మిగిలింది 0.75 మాత్రమే, కాబట్టి అప్పు ఖర్చు ఆ ఏడాది 8 శాతం దాటుతుంది. లాభమే లేకపోతే పూర్తి 10 శాతం. నష్టాన్ని రాబోయే సంవత్సరాలకు తీసుకుపోనిచ్చే చట్టాలున్నచోట కొంత తిరిగి వస్తుంది, కానీ ఆలస్యంగా వచ్చే డబ్బు విలువ అంతకంత తక్కువ. పైగా కొన్ని దేశాలు వడ్డీ మినహాయింపుకు పరిమితి పెట్టాయి. వడ్డీ, పన్ను, తరుగుదలకు ముందు లాభంలో 30 శాతం వరకే అనుమతించడం తరచుగా కనిపించే పద్ధతి. ఆ గీత దాటిన వడ్డీకి ఆ ఏడాది పన్ను ఆదా ఉండదు. అది మీకు వర్తిస్తుందో లేదో ఆడిటర్‌ను అడగండి.

రెండో ప్రశ్నకు నా జవాబు: మరీ ఎక్కువ వద్దు. అప్పు పెరిగేకొద్దీ బ్యాంకు వడ్డీ పెంచుతుంది, చెడ్డ ఏడాదిలో తమకు మిగిలేది తగ్గుతుందని వాటాదారులూ ఎక్కువ ఆశిస్తారు. అప్పు 60కి చేరి, వడ్డీ 12, వాటాదారుల ఆశింపు 20 శాతం అయితే చూడండి. పన్ను తర్వాత వడ్డీ 9 శాతం, దాని భారం 5.4. మిగతా 40కి 8. మొత్తం 13.4. చౌక సొమ్ము ఎక్కువ చేర్చినా సగటు పెరిగింది. ఈ పెరుగుదల ఏ స్థాయిలో మొదలవుతుందో కంపెనీని బట్టి మారుతుంది. ఆదాయం ఏటా ఒడిదుడుకులు పడే వ్యాపారంలో త్వరగా మొదలవుతుంది.

సంతకం పెట్టేముందు మీ భాగస్వామితో రెండు చూడండి. గత మూడేళ్లలో నిజంగా పన్ను కట్టారా అన్నది మొదటిది. కట్టకపోతే 7.5 వద్దు, 10తోనే లెక్క వేయండి. అంచనా పట్టికలో పన్ను గడి వడ్డీకి ముందు లాభం మీదే వేశారా అన్నది రెండోది. వడ్డీ తీసేసిన అంకె కనిపిస్తే ఆ పట్టికను తిరిగి వేయించి, ఆ తర్వాతే యంత్రాల మీద నిర్ణయం తీసుకోండి.