ఫాలో అవుతున్నా పోస్టు కనబడదేం?

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. మనవడి ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంటుంది. తనను ఫాలో అవుతూనే ఉన్నాను, అయినా సగం ఫొటోలు నాకు కనబడవు. "చూడలేదా అమ్మా?" అని తను ఫోన్లో అడిగితే తప్ప పెట్టిన సంగతే తెలియదు. నేను ఫాలో అయ్యేవి 400 ఖాతాల దాకా ఉంటాయి. ఫేవరెట్స్‌లో పెట్టుకోమని పక్కింటి అబ్బాయి చెప్పాడు. ఫాలో అవడానికీ దానికీ తేడా ఏమిటి? అలా పెడితే అమ్మాయికి తెలుస్తుందా?
— ఒక పాఠకురాలు, తెనాలి

చివరి సందేహం ముందు తీర్చేస్తాను. అమ్మాయికి తెలియదు. మీరు ఎవరిని ఆ జాబితాలో చేర్చినా, తర్వాత తీసేసినా వాళ్లకు కబురు వెళ్లదు. కాబట్టి పెద్దమ్మాయిని చేర్చి చిన్నమ్మాయిని మరిచిపోయినా ఇంట్లో గొడవ రాదు.

ఇక అసలు విషయం. ఫాలో అవడం అంటే ఆ ఖాతా పెట్టేవి మీకు చూపించవచ్చని అనుమతి ఇవ్వడం మాత్రమే. తప్పకుండా చూపిస్తామని ఇన్‌స్టాగ్రామ్ మాట ఇచ్చినట్టు కాదు. ఒకప్పుడు కొత్త పోస్టు పైన, పాతది కింద అనే తేలిక లెక్క ఉండేది. 2016లో ఆ పద్ధతి మార్చారు. అప్పటి నుంచి మీరు ఏ పోస్టు దగ్గర కొన్ని క్షణాలు ఆగుతారు, దేనికి లైక్ కొడతారు, ఎక్కడ కామెంట్ రాస్తారు, ఎవరి ప్రొఫైల్ తెరుస్తారు అని అంచనా వేసి, దాన్ని బట్టి వరుస పేరుస్తున్నారు.

మీ ఇబ్బందికి మూలం బహుశా ఇక్కడే ఉంది. చాలామంది తల్లులు మనవడి ఫొటో కనబడగానే మురిసిపోతారు, లైక్ మీద వేలు పెట్టరు. వెంటనే వాట్సాప్‌లో కూతురికి ఫోన్ చేస్తారు. ఆ ఆనందం ఇన్‌స్టాగ్రామ్ ఖాతాపుస్తకంలోకి ఎక్కదు. అదే మీరు వంటల వీడియో ఒకటి చివరిదాకా చూశారనుకోండి, అది ఎక్కుతుంది. ఫలితంగా మీకు వంకాయ కూర మీద ఉన్న ఆసక్తి మనవడి మీద లేదని అది తేల్చుకుంటుంది.

ఫేవరెట్స్ ఈ అంచనాకు అడ్డుపడి, "ఈ ఖాతా సంగతి నేనే చెబుతున్నాను" అని మీరు గట్టిగా చెప్పే మార్గం. 2022 మార్చిలో దీన్ని తెచ్చారు. ఇది రెండు పనులు చేస్తుంది. మొదటిది, మీరు రోజూ చూసే హోమ్ ఫీడ్‌లోనే ఆ ఖాతాల పోస్టులను పైకి జరుపుతుంది. అలా వచ్చిన పోస్టు మీద చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కనబడిందంటే అమరిక పని చేస్తున్నట్టే. రెండోది, ఆ ఖాతాల పోస్టులు మాత్రమే, కొత్తవి పైన ఉండేలా, వేరే వరుసగా చూపిస్తుంది.

చేర్చడం తేలికే. అమ్మాయి ప్రొఫైల్ తెరిచి Following అన్న బటన్ నొక్కండి. వచ్చే మెనూలో Add to favorites ఉంటుంది. ఆ ప్రత్యేక వరుస చూడాలంటే హోమ్‌లో పైన ఉండే Instagram అన్న పేరు మీద నొక్కి Favorites ఎంచుకోవాలి. యాప్ ముఖం తరచు మారుతుంటుంది కనుక అక్కడ ఆ మెనూ దొరకకపోతే కంగారు పడకండి. జాబితాను సెట్టింగ్స్‌లోంచి కూడా సరిచేసుకోవచ్చు.

Instagram పేరు మీద నొక్కితే వచ్చే ఆ మెనూలోనే Following అని మరొకటి కూడా ఉంటుంది. అది మీరు ఫాలో అయ్యే అందరి పోస్టులనూ కాలక్రమంలో పెడుతుంది. "అదే చాలు కదా, జాబితా ఎందుకు?" అనిపించవచ్చు. మీ లెక్కతోనే చూద్దాం. 400 ఖాతాలు సగటున రెండు రోజులకు ఒక పోస్టు పెట్టాయనుకుంటే రోజుకు 200 పోస్టులు. వేసవిలో డల్లాస్‌లో రాత్రి ఎనిమిదింటికి అమ్మాయి ఫొటో పెడితే మనకు మర్నాడు పొద్దున ఆరున్నర. మీరు పనులన్నీ ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి ఫోన్ తెరిచేసరికి పద్నాలుగున్నర గంటలు గడిచాయి. ఈలోగా దాని పైన దాదాపు 120 పోస్టులు వచ్చి కూర్చుంటాయి. వేలు నొప్పి పుట్టేదాకా జరిపితే గానీ మనవడు కనబడడు. అదే ఫేవరెట్స్‌లో తొమ్మిది మంది ఉంటే, ఇదే లెక్కన పైన రెండు మూడు పోస్టులకు మించి ఉండవు.

అయితే ఈ లాభం జాబితా చిన్నదిగా ఉన్నంతవరకే. 50 ఖాతాల దాకా చేర్చనిస్తారు, కానీ అంతమందిని నింపకండి. నేను చేసిన తప్పు చెబుతాను. ఫోన్ల వార్తలు ఇచ్చే ఒక పేజీని మోజుగా చేర్చాను. రోజుకు పదిహేను పోస్టులు పెట్టేది. కాలక్రమంలో ఎవరు ఎక్కువ వాగితే వాళ్లదే పైచేయి. నెలకు ఒక్కసారి నోరు విప్పే మా తమ్ముడు ఆ హోరులో మునిగిపోయాడు. పేజీని జాబితాలోంచి తీసేసి, మామూలుగా ఫాలో అవడం మాత్రం కొనసాగించాను. అలా చేయవచ్చు. జాబితాలోంచి తీసినంత మాత్రాన ఫాలో పోదు. అందుకని అరుదుగా పోస్టు పెట్టేవాళ్లనే, తప్పిపోతే బాధపడేవాళ్లనే చేర్చుకోండి.

యాప్‌ను మూసి మళ్లీ తెరిస్తే ఫేవరెట్స్ వరుస దానంతట అది రాదు, మామూలు హోమ్ వస్తుంది. శాశ్వతంగా అదే ఉండేలా పెట్టుకునే వీలు ఇవ్వలేదు. ప్రకటనలూ సిఫార్సులూ చూపించుకోవాలనే కంపెనీ ఆశ అందులో దాగి లేదని నేననుకోను. అందుకే పైన ఉండే Instagram అన్న పేరు మీద నొక్కే అలవాటు మీరే చేసుకోవాలి.

ఒక పొరపాటు మాత్రం చేయకండి. Close Friends అని మరో జాబితా ఉంది, నాకు వచ్చే ఉత్తరాల్లో దీన్నీ దాన్నీ కలగలిపేవాళ్లే ఎక్కువ. సెట్టింగ్స్‌లో శీర్షికలు చూస్తే తేడా తెలుస్తుంది. ఫేవరెట్స్ What you see కింద ఉంటుంది, అంటే మీరేం చూడాలన్నది. Close Friends మాత్రం Who can see your content కింద ఉంటుంది, అంటే మీరు పెట్టింది ఎవరు చూడాలన్నది. అమ్మాయిని ఈ రెండోదాంట్లో చేర్చితే, ఆ జాబితాకు మాత్రమే మీరు పెట్టే స్టోరీలు తనకు ఆకుపచ్చ వలయంతో కనబడతాయి గానీ తన ఫొటోలు మీకు ఒక్క మెట్టు కూడా పైకి రావు.

అమ్మాయి ఎక్కువగా స్టోరీలే పెడుతుంటే మాత్రం నేను ఇప్పటిదాకా చెప్పినదాన్ని నమ్ముకోకండి. స్టోరీ 24 గంటల్లో మాయమవుతుంది, ఫేవరెట్స్ వరుస పోస్టుల కోసం. దానికి తన ప్రొఫైల్‌లో ఉండే గంట గుర్తు నొక్కి Stories ఆన్ చేయండి. తను పెట్టగానే మీ ఫోన్ మోగుతుంది, తెల్లవారుజామున మోగినా విసుక్కోనంటేనే సుమా.