ఎక్స్‌పెక్టెడ్ ఎక్కడ్నుంచి వచ్చిందని ఇంటర్వ్యూలో అడిగితే

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ ఎంఎస్‌సీఎస్ ఫైనల్ ఇయర్. ప్రాజెక్ట్ కోసం మా కాలేజ్‌లో 150 మందిని, హాస్టలా డేస్కాలరా, డిగ్రీ అయ్యాక ఏం చేద్దామనుకుంటున్నారు అని అడిగి కై స్క్వేర్ టెస్ట్ చేశా. డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూలో "ఈ ఎక్స్‌పెక్టెడ్ నంబర్లు ఎక్కడ్నుంచి వచ్చాయి" అన్నారు, సాఫ్ట్‌వేర్ ఇచ్చింది సార్ అన్నా, అక్కడితో అయిపోయింది. రిజల్ట్ కూడా సిగ్నిఫికెంట్ రాలేదు, జాబ్‌నీ పీజీనీ ఒక కాలమ్‌లో కలిపేస్తే వస్తోంది, అలా పెట్టేయొచ్చా? అరవై వేలు కట్టి డేటా సైన్స్ కోర్సులో చేరమంటారా? కౌంట్స్ పంపుతున్నా.

జవాబు: తమ్ముడూ, కోర్సు సంగతి చివర్లో చూద్దాం, ముందు ఆ టేబుల్ తీసి కాగితం మీద పెట్టు. క్యాలిక్యులేటర్ ఉంటే చాలు, ల్యాప్‌టాప్ మూసెయ్.

| | జాబ్ | పీజీ | గవర్నమెంట్ పరీక్షలు | టోటల్ |
|---|---|---|---|---|
| హాస్టల్ | 24 | 14 | 22 | 60 |
| డేస్కాలర్ | 46 | 26 | 18 | 90 |
| టోటల్ | 70 | 40 | 40 | 150 |

దీన్ని చూడగానే నీ కన్ను ఎక్కడ పడిందో నాకు తెలుసు. హాస్టల్ వాళ్లలో 60కి 22 మంది, అంటే దాదాపు 37 శాతం గ్రూప్స్, బ్యాంక్ పరీక్షలు అంటున్నారు, డేస్కాలర్లలో 90కి 18 మంది, సరిగ్గా 20 శాతం. తేడా బాగానే కనిపిస్తోంది కదా, మరి టెస్ట్ ఎందుకు ఒప్పుకోలేదు అన్నదే నీ బాధ. దానికి జవాబు ఎక్స్‌పెక్టెడ్ ఎలా కడతామో తెలిస్తేనే దొరుకుతుంది.

ఎక్స్‌పెక్టెడ్ అంటే "హాస్టల్‌కీ, ఎంచుకున్న దారికీ ఏ సంబంధమూ లేకపోతే ఈ గడిలో ఎంతమంది ఉండాలి" అన్న లెక్క, అంతకుమించి ఏం లేదు. మొత్తం 150 మందిలో పరీక్షలు అన్నవాళ్లు 40, అంటే 26.67 శాతం. సంబంధం లేకపోతే ఇదే శాతం హాస్టల్‌లోనూ ఉండాలి, బయటా ఉండాలి. హాస్టల్ 60 మందిలో 26.67 శాతం అంటే 16 మంది, డేస్కాలర్ 90 మందిలో అదే శాతం అంటే 24 మంది. పుస్తకంలో ఉండే ఫార్ములా, రో టోటల్ ఇంటూ కాలమ్ టోటల్ బై గ్రాండ్ టోటల్, ఇదే పనిని ఒక్క స్టెప్‌లో చేస్తుంది, 60 × 40 / 150 = 16. ఇంటర్వ్యూలో ఫార్ములా చెప్తే సగం మార్కులే అనుకో, ఆ 26.67 శాతం మాట చెప్తేనే అర్థమైందని నమ్ముతారు.

ఇక మిగతా గడులు. హాస్టల్ జాబ్ 60 × 70 / 150 = 28. ఇక్కడ ఆగు. హాస్టల్ రోలో ఇప్పటికి 28, 16 వచ్చాయి, టోటల్ 60 కాబట్టి పీజీ గడి 16 అని తీసివేతతోనే వచ్చేస్తుంది. కింద రో కూడా అంతే, 70లోంచి 28 పోతే 42, 40లోంచి 16 పోతే 24, మళ్లీ 24. ఆరు గడుల్లో రెండు కడితే నాలుగు వాటంతటవే నిండిపోయాయి, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 2 అంటే ఇదే, (2-1) × (3-1) అని బట్టీ పట్టాల్సిన పని లేదు. కార్ల్ పియర్సన్ 1900లో కై స్క్వేర్ తెచ్చినప్పుడు ఈ రకం టేబుల్స్‌కి ఈ లెక్క సరిగ్గా కుదర్లేదు, 1922లో ఫిషర్ వచ్చి సరిచేశాడు, కాబట్టి ఇది మొదటిసారి నీకు తికమకగా ఉంటే పెద్దగా సిగ్గుపడక్కర్లేదు.

కట్టాక ఒక చెక్ చేసుకో. ఎక్స్‌పెక్టెడ్ టేబుల్‌కీ నీ అసలు టేబుల్‌కీ రో టోటల్స్, కాలమ్ టోటల్స్ ఒకటే రావాలి, అబ్జర్వ్‌డ్‌లోంచి ఎక్స్‌పెక్టెడ్ తీసేస్తే ప్రతి రోలోనూ కాలమ్‌లోనూ తేడాలు కలిపి సున్నా అవ్వాలి. నీ టేబుల్‌లో హాస్టల్ తేడాలు -4, -2, +6, కింద +4, +2, -6, సరిపోయింది. ఇక్కడ అన్నీ పూర్ణ సంఖ్యలు రావడం నీ అదృష్టం, మామూలుగా 17.43 లాంటివి వస్తాయి, మనిషి అరగా ఉండడు కదా అని వాటిని రౌండ్ చేసేవాళ్లు చాలామంది, చేయొద్దు.

ఇప్పుడు ప్రతి గడిలో తేడా స్క్వేర్ చేసి ఆ గడి ఎక్స్‌పెక్టెడ్‌తో భాగించు, అబ్జర్వ్‌డ్‌తో కాదు. పైన రో 16/28 = 0.571, 4/16 = 0.25, 36/16 = 2.25. కింద 16/42 = 0.381, 4/24 = 0.167, 36/24 = 1.5. అన్నీ కలిపితే 5.119. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 2కి, 5 శాతం లెవెల్‌లో టేబుల్ వాల్యూ 5.991, మనది దాటలేదు. పీ వాల్యూ 0.077. అంటే అసలు సంబంధమే లేకపోయినా, కేవలం ఎవరు సర్వేలో పడ్డారన్న యాదృచ్ఛికం వల్లే ఇంత తేడా గానీ ఇంకా ఎక్కువ గానీ వంద సర్వేల్లో ఏడెనిమిది సార్లు వస్తుందని. దీన్ని "హాస్టల్‌కీ కెరీర్ ఛాయిస్‌కీ సంబంధం లేదని తేలింది" అని రాయకు, తేలలేదు, ఉందని చెప్పడానికి ఈ 150 మంది చాల్లేదు, అంతే. ఇవే శాతాలు 300 మందిలో వచ్చుంటే ప్రతి కౌంట్ రెట్టింపై కై స్క్వేర్ కూడా రెట్టింపై 10.24 అయ్యేది, హాయిగా దాటేసేది. అందుకే కౌంట్స్ బదులు శాతాలు వేసి టెస్ట్ చేయకూడదు, శాతాలకి ఎంతమందిని అడిగామో గుర్తుండదు.

ఇంకో విషయం చూడు, ఆ 5.119లో 3.75 పరీక్షలు అన్న ఒక్క కాలమ్ నుంచే వచ్చింది. జాబ్, పీజీ కాలమ్స్ దాదాపు ఏమీ చెప్పట్లేదు. నీకు కలిపేద్దామన్న ఆలోచన ఇక్కడే పుట్టిందని నా అనుమానం.

కలిపితే ఏమవుతుందో లెక్క వేద్దాం. హాస్టల్ 38, 22, డేస్కాలర్ 72, 18. ఎక్స్‌పెక్టెడ్ 44, 16, 66, 24, అన్ని గడుల్లోనూ తేడా 6. కై స్క్వేర్ 5.114, ఇందాకటి నంబరే ఇంచుమించు. కానీ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 1కి పడిపోయింది, దాటాల్సిన గీత 3.841కి దిగింది, పీ వాల్యూ 0.024. డేటాలో కొత్త సమాచారం ఒక్క చుక్క కూడా రాలేదు, నువ్వు గీతని కిందికి దింపావు, అదీ ఏ కాలమ్ తేడాగా ఉందో ముందే చూసుకుని మరీ దింపావు. సర్వేకి ముందే "గవర్నమెంట్ పరీక్షలా, కాదా" అన్నదే నీ ప్రశ్న అయ్యుంటే, సినాప్సిస్‌లో అలాగే రాసుంటే, ఈ 2×2 టేబుల్ నిఖార్సైనదే. ఇప్పుడు చూశాక మార్చితే కాదు. అందుకని మెయిన్ రిజల్ట్‌గా 2×3 టేబుల్‌నే పెట్టు, 2×2 కూడా చూపించాలనిపిస్తే "డేటా చూశాక చేసింది, వేరే శాంపుల్‌లో మళ్లీ పరీక్షించాలి" అని పక్కనే రాసి చూపించు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి 0.024 కంటే ఈ వాక్యమే నచ్చుతుంది, నేను చూసినంతలో.

సాఫ్ట్‌వేర్‌లో చెక్ చేసుకోవడానికి ఇది చాలు:

```
from scipy.stats import chi2_contingency
t = [[24, 14, 22], [46, 26, 18]]
chi2, p, dof, exp = chi2_contingency(t)
print(chi2, p, dof)
print(exp)
```

ఇందులో రెండు చోట్ల బోల్తా పడతారు. మొదటిది టోటల్స్ రో, టోటల్స్ కాలమ్ కూడా కలిపి ఇచ్చేయడం. అప్పుడు తమాషా ఏంటంటే కై స్క్వేర్ 5.119 అలాగే వస్తుంది, ఎక్స్‌పెక్టెడ్ కూడా కరెక్ట్‌గానే కనిపిస్తాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు, కానీ `dof` 6 అయిపోయి పీ వాల్యూ 0.53కి ఎగురుతుంది. కాబట్టి ముందు `dof` చూడు, 2 రాకపోతే టేబుల్ తప్పు ఇచ్చావన్నమాట. రెండోది 2×2లో. చేత్తో చేస్తే 5.114, ఇది ఇచ్చేది 4.297, పీ 0.038, ఎందుకంటే 2×2కి ఇది అడక్కుండానే యేట్స్ కరెక్షన్ వేసి ప్రతి తేడాలోంచి అర తీసేస్తుంది. `correction=False` పెడితే నీ చేతి లెక్కతో కలుస్తుంది. ఎక్సెల్‌లో అయితే `CHISQ.TEST`కి ఎక్స్‌పెక్టెడ్ టేబుల్ నువ్వే కట్టి ఇవ్వాలి, అది తిరిగి ఇచ్చేది పీ వాల్యూ మాత్రమే, దాన్ని కై స్క్వేర్ అనుకుని రిపోర్ట్‌లో రాసేసిన ప్రాజెక్టులు నా చేతికి చాలానే వచ్చాయి.

ఎక్స్‌పెక్టెడ్ 5 కంటే తక్కువ ఉండకూడదన్న రూల్ కూడా అడుగుతారు. అది ఎక్స్‌పెక్టెడ్ గురించే, నువ్వు లెక్కపెట్టి తెచ్చిన కౌంట్ 3 ఉన్నా ఇబ్బంది లేదు. వాడుకలో ఉన్న లెక్క ఏంటంటే ఐదింట ఒక వంతు గడులకి మించి 5 కిందకి పోకూడదు, ఏదీ 1 కిందకి పోకూడదు. నీ టేబుల్‌లో అన్నిటికంటే చిన్నది 16, నీకు ఆ గొడవ లేదు. ఉంటే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్‌కి వెళ్తారు.

కోర్సు విషయానికొస్తే, ఇప్పుడే కట్టకు. నిన్ను ఆపింది నీ రెజ్యూమేలో నువ్వే రాసుకున్న టెస్ట్, దానికి అరవై వేలు అక్కర్లేదు, పైన చేసినదాన్ని చూడకుండా ఒక తెల్లకాగితం మీద కట్టి ఫ్రెండ్‌కి నోటితో చెప్పగలిగితే చాలు. ఫ్రెషర్ అనలిస్ట్ ఇంటర్వ్యూల్లో దీంతోపాటు ఎస్‌క్యూఎల్, ఎక్సెల్ అడుగుతారు, మీ ఎంఎస్‌సీఎస్ సిలబస్‌లో డేటాబేస్ పేపర్ ఉంటే అదే ముందు గట్టిగా చదువు, ఆ తర్వాత కూడా ఏదో తక్కువైంది అనిపిస్తే అప్పుడు మళ్లీ రాయి.

మళ్లీ ఇంటర్వ్యూకి వెళ్లేముందు మాత్రం నీ సర్వే ఫారం ఒకసారి తీసి చూడు. ఒకే మనిషి జాబ్, పరీక్షలు రెండూ టిక్ పెట్టే వీలుందా? ఉండి, రెండు గడుల్లోనూ లెక్కేసుకుంటే ఆ 150 మనుషులు కాదు, 150 టిక్‌లు. ఒక్కో మనిషి ఒక్క గడిలోనే ఉండాలన్నది ఈ టెస్ట్‌కి మొదటి షరతు. అలా జరిగుంటే ఈ టేబుల్‌కి కై స్క్వేర్ పనికిరాదు, ఫారాలు మళ్లీ ముందేసుకుని ఒక్కొక్కరి మొదటి ఛాయిస్ ఏదో రాసి ఉంటే అది మాత్రమే తీసుకుని కొత్తగా లెక్కపెట్టాలి, లేదా పరీక్షలు టిక్ పెట్టారా లేదా అని ఒక్కో ఆప్షన్‌కి విడిగా టేబుల్ వేయాలి.