మామ ఇస్తే పన్ను లేదు, మేనల్లుడు ఇస్తే ఉంది

ప్రశ్న: నా వయసు 52. ప్రైవేటు ఉద్యోగం. ఏడాదికి జీతం 12 లక్షలు, కొత్త పన్ను విధానంలో ఉన్నాను, వేరే ఆదాయం లేదు. మొన్న ఫిబ్రవరిలో గృహప్రవేశం చేశాం. మా బావమరిది లక్షన్నర క్యాష్ ఇచ్చాడు, ఇంకో 50 వేలు ఇస్తానంటున్నాడు. పెదనాన్నగారి అబ్బాయి 40 వేలు నా అకౌంట్‌లో వేశాడు. ఆఫీసువాళ్లు, వీధిలోవాళ్లు చదివించినవి 15 వేలు వచ్చాయి. అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు ఈ మార్చి నెలాఖరుకి 3 లక్షలు పంపుతానన్నాడు. 2018లో వాడు ఎమ్మెస్‌కి వెళ్లేటప్పుడు నేనే బ్యాంకు ద్వారా 2 లక్షలు సర్దాను. మే నెలలో మా అమ్మాయి పెళ్లి కూడా ఉంది. బంధువుల దగ్గర తీసుకుంటే పన్ను ఉండదంటున్నారు. టెన్షన్ పడాల్సిందేమైనా ఉందా?

జవాబు: ఉందండీ, మీ మేనల్లుడు పంపుతానన్న డబ్బు దగ్గర. అదృష్టం ఏమిటంటే అది ఇంకా మీ ఖాతాలో పడలేదు. ఈ జవాబు పూర్తిగా చదివేదాకా పంపొద్దని ముందు అతనికి ఒక మెసేజ్ పెట్టండి.

బంధువు అంటే మనం పెళ్లి శుభలేఖలు పంచేవాళ్లందరూ అనుకుంటాం. కానుకలకు పన్ను వేసే ఆదాయపు పన్ను చట్టంలోని 56(2)(x) సెక్షన్‌కి మాత్రం ఒక చిన్న జాబితా ఉంది. దాంట్లో ఉన్నవాళ్లు: మీ భార్య, మీ తోబుట్టువులు, మీ భార్య తోబుట్టువులు, మీ అమ్మానాన్నల తోబుట్టువులు. పైకి వెళ్తే మీ ఇద్దరి తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు. కిందికి వస్తే పిల్లలు, మనవలు. వీళ్లందరి భార్యలు, భర్తలు కూడా బంధువులే. వీళ్లు ఎంత ఇచ్చినా మీకు పన్ను లేదు. జాబితాలో లేనివాళ్లు చట్టం లెక్కలో మీ వీధివాళ్లతో సమానం.

ఈ జాబితాను ఎప్పుడూ డబ్బు పుచ్చుకునేవాళ్ల వైపు నుంచే చదవాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. 2018లో మీరు ఇచ్చినప్పుడు పుచ్చుకున్నది మేనల్లుడు. అతనికి మీరు తల్లి తోడబుట్టినవారు, అంటే జాబితాలో ఉన్నారు. అప్పట్లో మీరు 20 లక్షలు ఇచ్చినా అతనికి పన్ను పడేది కాదు. ఇప్పుడు పుచ్చుకునేది మీరు. మీ జాబితాలో మీ అక్క ఉంది, మీ బావగారున్నారు, వాళ్ల పిల్లలు లేరు. అదే ఇద్దరు మనుషులు, అదే చుట్టరికం. డబ్బు వెనక్కి వచ్చేసరికి పన్ను వస్తోంది. న్యాయమా అంటే నాకూ కాదనిపిస్తుంది, కానీ రాసి ఉన్నది అదే. అతను అమెరికాలో ఉన్నా అమలాపురంలో ఉన్నా దీంట్లో తేడా లేదు.

మీ పెదనాన్నగారు స్వయంగా 40 వేలు ఇచ్చి ఉంటే గొడవ లేదు. ఆయన మీ నాన్నగారి అన్న. వాళ్లబ్బాయిని మీరు అన్నయ్య అనే పిలుస్తారు కానీ, మీ తోబుట్టువు కాదు కాబట్టి అతనూ జాబితా బయటే. మీ భార్య మేనమామ ఎవరైనా ఇచ్చి ఉంటే ఆయనా అంతే. అమ్మానాన్నల తోబుట్టువులు అన్నచోట చట్టం చూసేది పుచ్చుకునేవాళ్ల సొంత అమ్మానాన్నలనే.

ఇక 50 వేల పరిమితి సంగతి. ఇది మనిషికింత అని కాదు. ఒక ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ నుంచి మార్చి వరకు, జాబితాలో లేనివాళ్లందరి దగ్గర్నుంచి మీకు వచ్చిన డబ్బు మొత్తం కలిపి చూడాలి. సరిగ్గా 50 వేలు వస్తే పన్ను లేదు. ఒక్క రూపాయి దాటినా, దాటిన రూపాయి మీద కాదు, మొత్తం మీద పన్ను. అందుకే చదివింపుల పుస్తకం ఒకసారి బయటికి తీయండి. 116లు, 516లు, 1,116లు అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. అందులో సొంత బాబాయి, పిన్ని, మీ భార్య చెల్లెలు రాయించినవి పక్కన పెట్టి మిగతావి కూడండి. మీరు చెప్పినట్టు 15 వేలే తేలితే, పెదనాన్నగారి అబ్బాయి 40 వేలతో కలిపి 55 వేలు. గీత దాటింది. 5 వేలు కాదు, 55 వేలూ మీ ఆదాయంలో చేరతాయి.

దీనికి కంగారు పడకండి. మీ జీతం 12 లక్షల్లో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీస్తే 11,25,000. దానికి 55 వేలు కలిపితే 11,80,000. కొత్త విధానంలో 2025-26కి 12 లక్షల దాకా రిబేటుతో పన్ను సున్నా. రిటర్న్‌లో ఇతర ఆదాయం కింద చూపించాలి, కట్టేది మాత్రం ఏమీ లేదు.

ఇప్పుడు మేనల్లుడి 3 లక్షలు కలపండి. ఆదాయం 14,80,000 అవుతుంది. 12 లక్షలు దాటగానే రిబేటు మొత్తం పోతుంది. మొదటి 4 లక్షలకు లేదు, తర్వాతి 4 లక్షలకు 20 వేలు, ఆ తర్వాతి 4 లక్షలకు 40 వేలు, మిగిలిన 2,80,000కి 15 శాతం చొప్పున 42 వేలు. మొత్తం 1,02,000, దాని మీద 4 శాతం సెస్ కలిపితే 1,06,080 రూపాయలు. మేనల్లుడు ప్రేమగా పంపిన 3 లక్షల్లో మూడో వంతుకు పైగా పన్నుకే పోతుంది.

మీరు 2018లో 2 లక్షలు సర్దానన్నారు. అసలు కీలకం అక్కడుంది. అది చేబదులైతే, తిరిగి వచ్చేది కానుక కాదు, మీ బాకీ మీకు తీరడమే. దాని మీద పన్ను ప్రశ్నే రాదు. బ్యాంకు ద్వారా ఇచ్చారు కాబట్టి ఆనాటి స్టేట్‌మెంట్ తీయించండి. ఉద్యోగం వచ్చాక తిరిగి ఇస్తానని అతను రాసిన మెయిలో, మెసేజో ఉంటే దాచండి. ఇప్పుడు పంపేటప్పుడు 2018లో తీసుకున్న అప్పు తీరుస్తున్నానని అతని చేత ఒక కాగితం రాయించుకోండి. ఈరోజు తేదీతోనే రాయించండి. పాత తేదీ వేసిన ప్రాంసరీ నోటు మాత్రం వద్దే వద్దు. అప్పట్లో నిజంగానే తిరిగి అడిగే ఉద్దేశం లేకుండా ఇచ్చి ఉంటే, దాన్ని ఇప్పుడు అప్పు అనడం కుదరదు. అది మీ ఇద్దరికే తెలుసు.

అప్పే అయిందనుకుందాం. మిగిలేది లక్ష. అంతే కదా అని మార్చిలోనే తీసుకున్నారా, 55 వేలకు లక్ష తోడై ఆదాయం 12,80,000 అవుతుంది. పన్ను 72 వేలు, సెస్‌తో 74,880. లక్ష రూపాయల కానుకకు ముప్పావు లక్ష పన్ను! 12 లక్షలు కాస్త దాటినవాళ్లకు మార్జినల్ రిలీఫ్ అని ఒక వెసులుబాటు ఉంది కానీ మీరు దాటేది 80 వేలు, పన్ను 72 వేలు. పన్ను ఎక్కువైతేనే ఆ వెసులుబాటు. మీకు అందదు.

ఆ లక్షకు మంచి దారి మీ ఇంట్లోనే ఉంది. పెళ్లి సందర్భంగా పెళ్లికూతురికి, పెళ్లికొడుక్కి ఎవరు ఎంత ఇచ్చినా పన్ను లేదు, బంధువు కానక్కర్లేదు. కాబట్టి మేనల్లుడు ఆ లక్ష మీ అమ్మాయి పేరున ఉన్న ఖాతాకి, పెళ్లి రోజుల్లో, పెళ్లి కానుకగా పంపితే సరిపోతుంది. శుభలేఖ ఒకటి దాచుకోండి. ‘పెళ్లి ఖర్చులకి ఉంటుంది మామయ్యా’ అని మీ ఖాతాకి పంపితే మాత్రం ఈ మినహాయింపు రాదు, ఎందుకంటే పెళ్లి మీది కాదు. గృహప్రవేశం, షష్టిపూర్తి, ఓణీల ఫంక్షన్, పుట్టినరోజు, వీటిలో దేనికీ ఈ మినహాయింపు లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తోంది, సెక్షన్ నంబర్లు మారతాయి, పెళ్లి మినహాయింపూ 50 వేల పరిమితీ అలాగే ఉంటాయి.

అమ్మాయికి కాదు, మీకే ఇవ్వాలని అతని పట్టుదల అయితే ఏప్రిల్ మొదలయ్యాక మీకు 50 వేలు, మీ శ్రీమతికి 50 వేలు విడివిడిగా పంపమనండి. ఆవిడకు కూడా అతను జాబితాలో లేడు కానీ ఆవిడ పరిమితి ఆవిడకు వేరుగా ఉంటుంది. చిక్కల్లా మే నెలలో పెళ్లిలో మీ చేతికి, ఆవిడ చేతికి వచ్చే కవర్లతో. ఆ 50 వేలకు 1,116 తోడైనా గీత దాటినట్టే. అందుకే నా ఓటు అమ్మాయి ఖాతాకే.

అక్కకి పంపి, అక్క నుంచి మీకు ఇప్పిస్తే అని మీకు తోచే ఉంటుంది. విడివిడిగా చూస్తే కొడుకు తల్లికి ఇవ్వడం, అక్క తమ్ముడికి ఇవ్వడం రెండూ మినహాయింపులే. ఆవిడ తన డబ్బులోంచి తన ఇష్టంతో ఇస్తే ఎవరూ కాదనలేరు. కానీ ఉదయం 3 లక్షలు వచ్చి సాయంత్రం అదే 3 లక్షలు మీకు వస్తే, ఇచ్చింది మేనల్లుడేనని అధికారి అనడానికి ఆస్కారం ఉంది. అక్కని ఆ ఇబ్బందిలోకి లాగకపోవడమే మేలు.

బావమరిది సంగతి వేరు. అతను మీ భార్య తోబుట్టువు, కాబట్టి పన్ను లేదు. ఇబ్బంది క్యాష్‌తో. ఒకే సందర్భానికి సంబంధించి ఒక్కరి దగ్గర్నుంచి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని 269ST సెక్షన్ చెబుతుంది, బంధువైనా సరే, రెండు విడతల్లో ఇచ్చినా సరే. లక్షన్నరకు ఇంకో 50 వేలు క్యాష్ చేరితే సరిగ్గా 2 లక్షలు. పెనాల్టీ కూడా తీసుకున్నంత, అంటే 2 లక్షలు, అదీ పుచ్చుకున్న మీకే. ఆ 50 వేలు బ్యాంకు ద్వారా వేయమనండి. ఇచ్చిన లక్షన్నరకు ఒక తెల్లకాగితం మీద అతని పేరు, పాన్, చుట్టరికం, తేదీ, సందర్భం రాయించి సంతకం తీసుకోండి. స్టాంపు పేపరు అక్కర్లేదు. అతను ఆ క్యాష్ బ్యాంకులోంచి తీసి ఉంటే ఆ ఎంట్రీ కాపీ కూడా అడగండి.

ఆఫీసు మిత్రులు కలిసి ఫ్రిజ్జో, టీవీయో కొనిచ్చి ఉంటే ఆ లెక్క వేయకండి, చట్టం చెప్పిన వస్తువుల్లో అవి లేవు. బంగారు నగలు ఉన్నాయి. బయటివాళ్లు ఇచ్చిన బంగారానికి మార్కెట్ ధర ప్రకారం 50 వేల పరిమితి డబ్బుతో కలపకుండా వేరుగా చూస్తారు. ఇప్పటి రేట్లకు చిన్న ఉంగరాలు నాలుగు వచ్చినా దాటే అవకాశం ఉంది కాబట్టి చదివింపుల పుస్తకంలో ఆ పేజీ కూడా చూడండి.

ఒకవేళ మేనల్లుడు నా జవాబు మీకు చేరేలోపే 3 లక్షలు పంపేసి ఉంటే, అప్పు భాగం తీసేసి మిగతాదానికి వచ్చే పన్ను మార్చి 31లోపు అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టేయండి. జూలైలో రిటర్న్ వేసేటప్పుడు కడదామని ఆగితే వడ్డీ కూడా కలుస్తుంది.