నాన్నగారి పెన్షన్ మీద మోయగలిగిన చిన్న పని

ప్రశ్న: మా నాన్నగారు బ్యాంకులో 34 ఏళ్లు క్లర్క్‌గా పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యారు. నెలనెలా పెన్షన్ వస్తుంది, ఇల్లు గడిచిపోతుంది. కానీ ఖాళీగా ఉండలేకపోతున్నారు. ఆయన స్నేహితుడు తన షాపులో భాగస్వామిగా రమ్మని, రిటైర్మెంట్ డబ్బులో మూడో వంతు పెట్టమని అడుగుతున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. రిస్క్ తక్కువగా ఉండే పని ఆయనకి ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. నా సలహా ఇది: నాలుగైదుగురు చిన్న వ్యాపారులకు నెలవారీ లెక్కలు రాసిపెట్టి, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసి ఇచ్చే పని ఇంటి నుంచే మొదలుపెట్టమనండి. సరుకు కొనక్కర్లేదు, అద్దె ఉండదు, అప్పు అవసరం లేదు. భాగస్వామ్యం మాత్రం వద్దు.

వద్దనడానికి కారణం పెట్టే డబ్బు ఒక్కటే కాదు. మామూలు భాగస్వామ్యంలో సంస్థ అప్పు తీర్చలేకపోతే భాగస్వాముల సొంత ఆస్తి కూడా దానికి బాధ్యత పడుతుంది. అంటే మూడో వంతు పెట్టినంత మాత్రాన నష్టం మూడో వంతు దగ్గర ఆగదు. పైగా షాపు నడవాలంటే ఏ సరుకు కదులుతుందో, ఎవరికి అరువివ్వాలో, ఎప్పుడు ధర తగ్గించాలో తెలియాలి. నాన్నగారి 34 ఏళ్ల అనుభవంలో అవి లేవు. ఆయనకు ఉన్నది వేరే విద్య. రాసింది సరిగా ఉందా, దానికి కాగితం ఉందా, సాయంత్రానికి లెక్క కలిసిందా అని చూడటం. చిన్న వ్యాపారుల దగ్గర దొరకనిది సరిగ్గా అదే. అమ్మకాలు బాగానే సాగుతున్నా, చేతిలో ఎంత మిగిలిందో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో చెప్పలేని వాళ్లు చాలామంది ఉంటారు.

పెన్షన్‌ను పెట్టుబడిగా చూడకండి. దాని విలువ ఇంకోచోట ఉంది. కొత్త వ్యాపారాన్ని మొదటి ఏడాదిలో ఇబ్బంది పెట్టగలిగేది యజమాని ఇంటిఖర్చు కోసం డబ్బు బయటికి తీయాల్సి రావడం. పెన్షన్ వస్తున్న మనిషికి ఆ ఒత్తిడి లేదు. ఆర్నెల్లు ఒక్క ఖాతాదారుడే ఉన్నా ఆయన భోజనానికి లోటు లేదు. కాబట్టి ఆయన తొందరపడి చెడ్డ పని ఒప్పుకోనక్కర్లేదు, తక్కువ ఫీజుకి దిగనక్కర్లేదు. ఈ ఓపికే ఆయన అసలు పెట్టుబడి. రిటైర్మెంట్‌లో ఒకేసారి వచ్చిన మొత్తాన్ని ఈ పని కోసం అసలు ముట్టుకోకూడదు.

లెక్క వేసి చూద్దాం. నెల పెన్షన్ 100 అనుకోండి. మందులతో కలిపి ఇంటిఖర్చు 80. మిగిలిన 20లో 10 ఆసుపత్రి లాంటి అనుకోని ఖర్చులకు పక్కన పెట్టాలి. పని మీద పెట్టదగింది మిగతా 10 మాత్రమే. ఇంట్లో కంప్యూటర్ ఉంటే ప్రింటర్, లెక్కల సాఫ్ట్‌వేర్, బ్యాకప్ డ్రైవ్, ఫైళ్లు, ఇవన్నీ కలిపి 60 దాటకుండా చూడండి. మొదలుపెట్టే ముందు ఆర్నెల్లు ఆ పదేసి దాచితే ఆ 60 సమకూరుతుంది. తర్వాత నెలవారీ ఖర్చు ఇంటర్నెట్, కాగితం, రాకపోకలు కలిపి 4. ఒక్కో ఖాతాదారుడి దగ్గర నెలకు 6 ఫీజు అనుకుంటే, ఒకరు దొరికినా నెల ఖర్చు గట్టెక్కుతుంది. ఐదుగురైతే 30 వస్తుంది. ప్రయాణాలు పెరిగి ఖర్చు 6 అయినా 24 మిగులుతుంది. మరి అస్సలు కుదరకపోతే? ఆర్నెల్లు తిరిగినా ఒకే ఒక్కరు, అదీ మూడు నెలలే ఫీజు ఇచ్చి వదిలేశారనుకుందాం. పెట్టింది 60, నడిపింది 24, వచ్చింది 18. నష్టం 66. అంటే ఒక నెల పెన్షన్‌లో మూడింట రెండు వంతులు. ఈ పనిని నేను రిస్క్ తక్కువ అనడానికి ఆధారం ఈ సంఖ్యే. ఏ ఆలోచన వచ్చినా నాన్నగారి చేత ఇలా చెడ్డ పక్షం లెక్క వేయించండి. జవాబు ఒక నెల పెన్షన్ దాటితే ఆ ఆలోచన పక్కన పెట్టేయొచ్చు.

ఇక ఆ పనిలో ఆయన చెయ్యి ఎక్కడ పడుతుందో చెబుతాను. ఒక చిన్న షాపు క్యాష్ బుక్‌లో బ్యాంకు నిల్వ 84,600 అని ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 91,150 ఉంది. యజమాని పెద్ద అంకె చూసి సంతోషించి సరుకు ఆర్డర్ పెట్టేస్తాడు. నాన్నగారు అలా చేయరు. ఇచ్చిన చెక్కుల్లో 9,580 విలువైనవి ఇంకా బ్యాంకుకు రాలేదు, అవి తీసేయాలి. జమ చేసిన 3,400 ఇంకా ఖాతాలో పడలేదు, అది కలపాలి. దాంతో స్టేట్‌మెంట్ వైపు 84,970 అవుతుంది. పుస్తకం వైపు బ్యాంకు కోసుకున్న ఛార్జీ 350 రాయలేదు. అది తీస్తే 84,250. ఇంకా 720 తేడా ఉంది. ఇక్కడే పాత క్లర్క్ అనుభవం పనికొస్తుంది. 720 తొమ్మిదితో నిశ్శేషంగా భాగమవుతుంది కాబట్టి అంకెలు తారుమారై ఉంటాయని ముందు అనుమానిస్తారు. వెతికితే 190 చెల్లింపును 910 అని రాసినట్టు దొరుకుతుంది. సరిచేస్తే రెండు వైపులా 84,970. తొమ్మిదితో భాగం కాకపోతే తేడాలో సగం మొత్తం ఏదైనా ఎంట్రీ జమకు బదులు ఖర్చులో పడిందేమో చూస్తారు. ఇది ఆయనకు నేర్పక్కర్లేదు. కొత్తవాళ్లు ఒక పూట వెతికేది ఆయన పావుగంటలో పట్టుకోగలరు.

అయితే రెండు విషయాల్లో ఆయన జాగ్రత్తగా ఉండాలి. బ్యాంకులో ఒకరు రాస్తే ఇంకొకరు పాస్ చేసేవారు. ఇంట్లో ఆ రెండో మనిషి లేరు. రాసిన రోజే సరిచూస్తే కన్ను తన తప్పును దాటిపోతుంది. కాబట్టి రాయడం ఒక రోజు, సరిచూడటం మర్నాడు ఉదయం అని పెట్టుకోమనండి. రెండోది కంప్యూటర్. బ్యాంకు సిస్టమ్‌లో స్క్రీన్ అడిగినవి నింపితే సరిపోయేది, తప్పు అంకె కొడితే అదే ఆపేది. మామూలు స్ప్రెడ్‌షీట్ ఆపదు. అందుకే ఏదీ కొనక ముందు ఒక పరీక్ష పెట్టండి. మీ ఇంటి ఖాతా గత మూడు నెలల స్టేట్‌మెంట్ తీసుకుని, ప్రతి ఎంట్రీకి బిల్లో రసీదో జతచేసి, స్ప్రెడ్‌షీట్‌లో నిల్వ కలిపి చూపించమనండి. రెండు వారాల్లో చేయగలిగి, చేస్తున్నంతసేపూ ఇష్టంగా కూర్చుంటే ముందుకెళ్లొచ్చు. విసుక్కుంటే ఈ పని ఆయనది కాదు, అప్పుడు అరవై ఖర్చు కూడా మిగిలినట్టే.

మొదటి ఖాతాదారుడిగా ఆ స్నేహితుడినే అడగమనండి. "డబ్బు పెట్టను గానీ నీ లెక్కలు నేను చూసిపెడతా, నెలకు ఇంత ఇవ్వు" అంటే స్నేహం చెడదు. ఆర్నెల్లు పుస్తకాలు చూశాక ఆ షాపు నిజంగా లాభంలో ఉందో, అరువుల మీద నడుస్తోందో నాన్నగారికే తెలిసిపోతుంది. లెక్కలు చూపించడానికి స్నేహితుడు వెనకాడితే అది కూడా సమాచారమే.

ఫీజు నిర్ణయించేటప్పుడు గంటలు చూడాలి. నెలకు 150 ఎంట్రీలుండే షాపుకి మొదటి నెల పాత చిక్కులు విప్పడానికి 12 గంటలు పట్టొచ్చు, గాడిన పడ్డాక 5 గంటలు సరిపోవచ్చు. అందుకే మొదటి నెలకు వేరే ఫీజు, తర్వాత నెలవారీ ఫీజు అని చెప్పాలి. ఐదుగురికి నెలకు 25 గంటలు, రాకపోకలు అదనం. ఈ వయసులో అంతకు మించి తీసుకోకూడదని నా అభిప్రాయం. ఎందుకంటే అందరికీ నెలాఖరు ఒకేసారి వస్తుంది.

నాకు ఎక్కువ భయం ఉన్న చోటు ఇంకొకటుంది. బ్యాంకులో పనిచేసిన మనిషి అంటే చుట్టుపక్కల అందరికీ నమ్మకం. ఆ నమ్మకాన్ని వాడుకోవడానికి జనం వస్తారు. సంతకం చేసిన ఖాళీ చెక్కులు మీ దగ్గర ఉంచుకోండి అంటారు, పాస్‌వర్డ్ చెబుతారు, మీరే డబ్బు వసూలు చేసి జమ చేయండి అంటారు. కొందరు పొదుపు పథకాల్లో నలుగురిని చేర్పిస్తే కమీషన్ ఇస్తామంటారు. వీటిలో దేనికీ ఒప్పుకోకూడదు. ఆయన పుస్తకాలు ముట్టుకోవాలి, డబ్బు ముట్టుకోకూడదు. డబ్బు చేతికి వస్తే ఏదైనా తేడా వచ్చిన రోజు మొదటి వేలు ఆయన వైపే చూపిస్తుంది. పాత బ్యాంకు ఖాతాదారుల వివరాలు గుర్తున్నా వాడకూడదు. ఆ గోప్యత రిటైర్మెంట్‌తో తీరిపోదు. అలాగే ఆడిట్ చేసినట్టు సర్టిఫికెట్ ఇవ్వడం లైసెన్సు ఉన్నవాళ్ల పని. నాన్నగారు శుభ్రమైన లెక్కలు తయారుచేసి వాళ్లకు అందించే దగ్గర ఆగాలి.

కాబట్టి ఒక పేజీ ఒప్పందం రాసుకోవాలి. ఏ తేదీలోగా బిల్లులు, స్టేట్‌మెంట్ తన చేతికి రావాలో, తాను ఏ తేదీకి ఏమిస్తారో, ఫీజు ఎంతో, ఏ పని తన బాధ్యత కాదో అందులో ఉండాలి. బిల్లు లేని ఎంట్రీని ఆయన ఊహించి రాయకూడదు, "ఆధారం లేదు" అని వేరే పేజీలో పెట్టి యజమాని చేత సంతకం చేయించాలి. అమ్మకాలు తక్కువ చూపించమని అడిగినవాళ్లను ఆ నెలతోనే వదిలేయాలి. రెండు నెలల ఫీజు బాకీ పడితే మూడో నెల పుస్తకం తెరవకూడదు. కాగితాలు వరుసగా రెండు నెలలు ఆలస్యంగా వస్తే ఆ ఖాతాదారుడు నిలవడని అనుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు తన పెన్షన్ నిబంధనల్లో రిటైరయ్యాక సొంత పని చేయడానికి అనుమతి అవసరమా అని పాత ఆఫీసులో రాతపూర్వకంగా అడగమనండి. ఫీజు ఆదాయం పెన్షన్‌తో కలిస్తే పన్ను ఎంత పెరుగుతుందో కూడా ముందే లెక్క కట్టాలి, లేదంటే ఐదుగురి దగ్గర వచ్చిన 24లో కొంత ఏడాది చివర చేతినుంచి కట్టాల్సి వస్తుంది. ప్రతి నెలా పని ముగిశాక ఒక కాపీ ఖాతాదారుడికి ఇచ్చేసి, ఇంకో కాపీ బ్యాకప్ డ్రైవ్‌లో పెట్టి, ఆ డ్రైవ్ ఎక్కడుందో, ఎవరి కాగితాలు ఏ ఫైల్లో ఉన్నాయో మీకు చూపించి ఉంచమనండి. ఆయన ఒంట్లో బాగోలేక నెల రోజులు మంచం పట్టినా, ఎవరి కాగితాలు వాళ్లకు మీరు ఒక్క రోజులో తిరిగి ఇచ్చేయగలగాలి.