టమాటా కిలో 140 అయినప్పుడు రిజర్వు బ్యాంకు రెపో రేటు ఎందుకు పెంచలేదు?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం, ఎకనామిక్స్. ద్రవ్యోల్బణ లక్ష్య విధానం వల్ల కేంద్ర బ్యాంకుకు విశ్వసనీయత వస్తుందని పుస్తకంలో ఉంది. దానివల్ల జరిగే మేలు ఏమిటో నాకు అందడం లేదు. పరీక్షలో ఈ జవాబు రాసేటప్పుడు ఎక్కువమంది ఎక్కడ తప్పు చేస్తారు?

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ ట్యూషన్ చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు రాసే పిల్లలు వీళ్లు. కొందరు సరిహద్దుకు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి కూడా వస్తారు. ఈ పాఠాన్ని చాలాకాలం పుస్తకంలో ఉన్న క్రమంలోనే చెప్పాను. 2023 జులై తర్వాత ఆ పద్ధతి మానేసి, ఆ ఒక్క నెలతోనే మొదలుపెడుతున్నాను.

ఆ నెల మా సంతలో టమాటా కిలో 140 పలికింది. పావుకిలో అడిగితే మూడు కాయలు తూగేవి. అఖిల భారత వినియోగదారుల ధరల సూచీ ప్రకారం జులై ద్రవ్యోల్బణం 7.44 శాతం. అంతకుముందు నెలలో అది 5 శాతానికి లోపలే ఉంది. చట్టం ప్రకారం లక్ష్యం 4 శాతం, పైహద్దు 6 శాతం. కానీ ఆగస్టు 10న రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ రెపో రేటును, అంటే బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద రిజర్వు బ్యాంకు తీసుకునే వడ్డీ రేటును, 6.50 శాతం దగ్గరే ఉంచింది. సెప్టెంబరు, అక్టోబరు నెలలొచ్చినా పెంచలేదు.

మీరైతే ఏం రాస్తారు? మా పిల్లల్లో ఎక్కువమంది "రిజర్వు బ్యాంకు తన లక్ష్యాన్ని వదిలేసింది" అని రాశారు. అక్కడే పాఠం తలకిందులవుతుంది. లక్ష్యం మీద జనానికి నమ్మకం ఉంటేనే, ధరలు ఒక్కసారిగా ఎగిరినప్పుడు కేంద్ర బ్యాంకు తొందరపడకుండా నిలబడగలదు. విశ్వసనీయత ఇచ్చే ముఖ్యమైన మేలు అదే.

ముందు లెక్క చూద్దాం. అప్పటి సూచీలో కూరగాయల వాటా సుమారు 6 శాతం. ఏడాది కిందటితో పోలిస్తే ఆ జులైలో కూరగాయల ధరలు 37 శాతం పెరిగాయి. 6లో 37 శాతం అంటే 2.2. అంటే మొత్తం 7.44లో ఉజ్జాయింపుగా 2.2 కూరగాయలవే. ఆహారం, ఇంధనం తీసేసి చూస్తే మిగతా వస్తువులు, సేవల ద్రవ్యోల్బణం 5 శాతం దగ్గర ఉంది, అదీ దిగుతూ ఉంది. రెపో రేటు పెంచితే టమాటా మొక్కకు అదనంగా కాయలు కాయవు. పైగా రేటు పెంపు ప్రభావం అప్పుల మీదుగా, గిరాకీ మీదుగా ధరలను చేరడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. టమాటా కొత్త పంట రెండు మూడు నెలల్లో వచ్చేస్తుంది. రేటు పెంచి ఉంటే, మందు పనిచేసే నాటికి జబ్బు ఉండేది కాదు, మందు వల్ల వచ్చే నీరసం మాత్రం ఉండేది.

అలాగైతే భయం దేనికి? టమాటా ధర టమాటా దగ్గర ఆగకపోవడం గురించి. దీన్ని పుస్తకం కంటే మా వీధి చివర టిఫిన్ హోటల్ యజమాని నాకు బాగా నేర్పారు. ఆ జులైలో ఆయన టమాటా చట్నీ ఆపేసి కొబ్బరి చట్నీ, పల్లీ చట్నీ పెట్టారు. ఇడ్లీ ధర మాత్రం మార్చలేదు. "రెండు నెలలు ఓపిక పడితే దిగుతుంది మాస్టారూ, దీనికోసం బోర్డు మార్చడం ఎందుకు?" అన్నారు. 2013లో ఉల్లి ధర మండినప్పుడు ఇదే మనిషి ప్లేటుకు ఐదు రూపాయలు పెంచారు, ఉల్లి దిగాక కూడా తగ్గించలేదు. ఆ సంగతి గుర్తుచేస్తే ఇలా చెప్పారు: "అప్పుడు ఒక్క ఉల్లి కాదు కదా. అద్దె పెరిగింది, కుర్రాళ్లు జీతం పెంచమన్నారు, గ్యాసు, నూనె అన్నీ పైకే. ఈ నెల పెంచకపోతే వచ్చే నెల ఎలాగూ పెంచాలి."

2013 చివర్లో దేశంలో ద్రవ్యోల్బణం 10 శాతం పైనే ఉంది. ఏటా పదోవంతు పెరుగుతుందని అందరూ ముందే అనుకుని అద్దెలు, జీతాలు, ఫీజులు రాసుకునేవారు. నా ట్యూషన్ ఫీజూ ప్రతి జూన్‌లో అలాగే పెరిగేది, కారణం అడిగినవారు లేరు. ఆ అంచనాయే మరుసటి ఏడాది ద్రవ్యోల్బణం అయ్యేది. దీన్నే రెండో విడత ప్రభావం అంటారు. ఉల్లి ధర దానంతట అది దిగుతుంది కానీ పెంచిన జీతం, అద్దె దిగవు.

ఇప్పుడు ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఆ హోటల్ యజమానికి 4 శాతం లక్ష్యం సంగతి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. ఆయన చూసేది తన చుట్టూ ఉన్న అద్దె, జీతం, నూనె. అవి కుదురుగా ఉంటే టమాటాను టమాటాగానే చూస్తారు. విశ్వసనీయత సామాన్యుడి దాకా చేరేది ఎక్కువగా ఈ దారిలోనే. బ్యాంకులు, పెద్ద కంపెనీలు, బాండ్లు కొనేవారు మాత్రం లక్ష్యాన్ని నేరుగా చూసి లెక్కలు వేసుకుంటారు. కాబట్టి "ప్రజలందరూ లక్ష్యాన్ని నమ్ముతారు" అని రాయకండి. రిజర్వు బ్యాంకు కుటుంబాలను అడిగి చేసే సర్వేల్లో జనం చెప్పే అంచనా సాధారణంగా అసలు ద్రవ్యోల్బణం కంటే ఎక్కువగానే ఉంటుంది, మొన్న కొన్న కూరగాయలను బట్టి ఊగుతుంది కూడా. మన దేశంలో ఈ నమ్మకం ఇంకా సగంలోనే ఉందని నా అభిప్రాయం.

ఆ సగం నమ్మకమైనా ఊరికే రాలేదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో ద్రవ్యోల్బణం మొదటి పది నెలలూ 6 పైనే ఉంది. అంతవరకు 4 శాతం దగ్గర ఉన్న రెపో రేటును మే 4న, మామూలు సమావేశం దాకా కూడా ఆగకుండా, 4.40 చేశారు. 2023 ఫిబ్రవరి నాటికి అది 6.50కి చేరింది. ఇంటి అప్పు వాయిదాలు కట్టేవారు ఆ భారం మోశారు. ఆ ఏడాది అంత దూరం వెళ్లారు కాబట్టే, మరుసటి జులైలో ఆగితే దాన్ని పెద్దగా ఎవరూ మెతకతనంగా చూడలేదు. 2022లో చేసింది వదిలేసి 2023 గురించి మాత్రమే రాస్తే జవాబులో కారణం ఉండదు.

ఇక మార్కులు పోయే చోట్లు. అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది, 6 దాటగానే రిజర్వు బ్యాంకు "విఫలమైంది" అని రాయడం. చట్టంలో వైఫల్యానికి నిర్వచనం ఉంది: సగటు ద్రవ్యోల్బణం వరుసగా మూడు త్రైమాసికాలు 6 పైన గానీ 2 కింద గానీ ఉండాలి. 2023 మీద మీరే వేసి చూడండి. జులై 7.44, ఆగస్టు 6.83, సెప్టెంబరు 5.02. మూడింటి సగటు 6.43. హద్దు దాటింది. తర్వాతి మూడు నెలలు 4.87, 5.55, 5.69. సగటు 5.37. మళ్లీ లోపలికి వచ్చింది. ఒక్క త్రైమాసికమే దాటింది కాబట్టి అది వైఫల్యం కాదు. 2022లో మాత్రం మూడూ దాటాయి. అందుకే ఆ నవంబరు 3న కమిటీ ప్రత్యేకంగా సమావేశమైంది. కారణాలు, చేయబోయే పని, ఎప్పటికి లక్ష్యానికి చేరతారన్న అంచనా వివరిస్తూ రిజర్వు బ్యాంకు కేంద్రానికి నివేదిక పంపాల్సి వచ్చింది. ఆ నివేదికను బయటపెట్టలేదు. బ్రిటన్‌లో ద్రవ్యోల్బణం లక్ష్యానికి ఒక శాతం పాయింటు మించి దూరమైతే గవర్నరు ఆర్థిక మంత్రికి రాసే లేఖ అందరికీ కనబడుతుంది. మన నివేదిక కూడా కనబడి ఉంటే నమ్మకం పెరిగేదే తప్ప తగ్గేది కాదని నేను గట్టిగా అనుకుంటాను.

రెండోది, లక్ష్యం "2 నుంచి 6" అని రాయడం. లక్ష్యం 4 మాత్రమే. ఆ రెండు అంకెలు ఓర్పు హద్దులు. 5.9 దగ్గర హాయిగా కూర్చోవచ్చని చట్టం చెప్పలేదు. ఈ లక్ష్యాన్ని పెట్టేది కూడా రిజర్వు బ్యాంకు కాదు. దానితో సంప్రదించి కేంద్ర ప్రభుత్వం ఐదేళ్లకోసారి నిర్ణయిస్తుంది. మొదటిసారి 2016 ఆగస్టులో ప్రకటించి, 2021లో అదే కొనసాగించింది. దాన్ని ఎలా సాధించాలన్నదే ఆరుగురు సభ్యుల కమిటీ పని.

మూడోది, కమిటీ గడిచిన నెల అంకె చూసి రేటు మారుస్తుందని అనుకోవడం. నిజానికి అది చూసేది ముందున్న నెలలను. జులై అంకె వెలువడింది ఆగస్టు 14న, నిర్ణయం అంతకు నాలుగు రోజుల ముందే అయిపోయింది. అయినా జులై నుంచి సెప్టెంబరు వరకు సగటు 6.2 ఉంటుందని, తర్వాతి త్రైమాసికంలో 5.7కు దిగుతుందని ఆ రోజే అంచనా ప్రకటించారు. హద్దు దాటబోతున్నామని ముందే చెప్పి, ఎందుకు ఆగుతున్నామో కూడా చెప్పారు. కూరగాయల సెగ మిగతా ధరలకు అంటుకుంటే చర్య తీసుకుంటామన్నారు. అంటుకోలేదు. ఆహారం, ఇంధనం తీసేసిన ద్రవ్యోల్బణం డిసెంబరు నాటికి 4 దరిదాపులకు వచ్చింది. పరీక్షలో "మేలు జరిగిందని ఎలా తెలుసు?" అని అడిగితే చూపించాల్సిన ఆధారం ఈ అంకె. టమాటా దిగడం ఆధారం కాదు, అది ఎలాగూ దిగేది.

నాలుగోది చాలా పాత పొరపాటు. ద్రవ్యోల్బణం తగ్గితే ధరలు తగ్గాయని రాస్తారు. 7.44 నుంచి 5.02కు వచ్చిందంటే మొత్తం మీద ధరల మట్టం ఏడాది కిందటికంటే 5 శాతం ఎక్కువగానే ఉందని అర్థం. 2013లో పెరిగిన ఇడ్లీ ప్లేటు ధర ఇప్పటికీ ఆ ఐదు రూపాయలను వదల్లేదు. లక్ష్య విధానం పోయిన ధరలను వెనక్కి తేదు, ముందు పెరిగే వేగాన్ని మాత్రమే పట్టుకుంటుంది.

చివరిది మా సరిహద్దు పిల్లలకే ఎక్కువగా వచ్చే సందేహం. "సార్, పాతపట్నంలో ఒక ధర, ఇక్కడ ఒక ధర. మరి మన ఊరి ద్రవ్యోల్బణానికి లక్ష్యం ఏది?" అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. లక్ష్యం అఖిల భారత సూచీకి మాత్రమే. రాష్ట్రాల అంకెలు వేర్వేరుగా వస్తాయి, కానీ రెపో రేటు దేశమంతటికీ ఒక్కటే. ఒడిశాలో ద్రవ్యోల్బణం 6 దాటినంత మాత్రాన చట్టప్రకారం ఏమీ జరగదు. టోకు ధరల సూచీ కూడా ఈ లెక్కలోకి రాదు. మా బజారు చీటీ ఉదాహరణగా రాయవచ్చు, కానీ లక్ష్యం తప్పిందనడానికి రుజువుగా రాస్తే నేనైతే మార్కు వేయను.