ఐదు రెజ్యూమెల ర్యాంకింగ్: హెచ్‌ఆర్‌కు ఇచ్చే నోట్‌లో ఏం రాయాలి, ఏం రాయకూడదు?

ప్రశ్న: ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ మేనేజర్‌ని. సీనియర్ అకౌంటెంట్ పోస్టుకు వచ్చిన ఐదు రెజ్యూమెలకు ఎ, ఇ, బి, సి, డి అని వరుస ఇచ్చి హెచ్‌ఆర్‌కు మెయిల్ చేశాను. ఇంటర్వ్యూకు ఇంకా ఎవరినీ పిలవలేదు. ఏ ర్యాంకు ఎందుకిచ్చానో నోట్ రాసి ఇమ్మంటున్నారు. నా దగ్గర రాసుకున్న కారణాలు ఇవి. సి: పెళ్లయింది, రెండేళ్ల గ్యాప్, ఎంతకాలం ఉంటుందో తెలియదు. డి: వినికిడి లోపం ఉందని తనే రాశారు, ఫోన్లు మాట్లాడటం కష్టం. ఇ: ప్రకటనలో కనీసం ఐదేళ్లు అడిగాం, అనుభవం మూడున్నరేళ్లే, కానీ మా డైరెక్టర్ గారికి తెలిసిన అబ్బాయి. బి పురుషుడు, అతనికి కూడా పది నెలల గ్యాప్ ఉంది కానీ దాన్ని పట్టించుకోలేదు. ఇవి నోట్‌లో రాయవచ్చా? రేపు ఎవరైనా కేసు వేస్తే ఈ నోట్ నాకు ఎదురు తిరుగుతుందా?

జవాబు: ఆ మూడు కారణాలూ నోట్‌లో ఉండకూడదు. అలాగని వాటి స్థానంలో మంచి మాటలు పెట్టి పాత వరుసనే పంపితే ఇంకా ప్రమాదం. మీ ర్యాంకులు ఆ కారణాల మీదే నిలబడ్డాయి. కాబట్టి ముందు వరుసను మళ్లీ వేయండి, నోట్ ఆ తర్వాత రాయండి. ఇంకా ఎవరినీ పిలవలేదు కాబట్టి దిద్దుకోవడానికి ఇదే సరైన సమయం.

మొదట సి సంగతి. స్త్రీ అన్న కారణంతో నియామకంలో వివక్ష చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టంలోనే ఉంది. ఇప్పుడు ఆ నిబంధన 2019 వేతనాల కోడ్ సెక్షన్ 3లో ఉంది, ఈ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రైవేటు యజమానికీ ఇది వర్తిస్తుంది. 'నేను పెళ్లి గురించి రాశాను, స్త్రీ అని రాయలేదు కదా' అనే వాదన నిలవడం కష్టం. ఎందుకంటే బికి కూడా గ్యాప్ ఉంది, దాన్ని మీరు లెక్కలోకే తీసుకోలేదు. ఒకే రకమైన ఖాళీ పురుషుడి రెజ్యూమెలో కనిపించకుండా పోయి స్త్రీ రెజ్యూమెలో లోపమైతే, కారణం గ్యాప్ కాదని ఎదుటి పక్షం న్యాయవాది మొదటి ప్రశ్నలోనే తేల్చేస్తారు. ఎంతకాలం ఉంటుందో అన్న అనుమానం రెజ్యూమెలో ఎక్కడా లేదు, అది మీ ఊహ మాత్రమే.

డి విషయంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుంది. వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని సెక్షన్ 3 అంటోంది. తగిన సదుపాయం కల్పించడానికి నిరాకరించడం కూడా వివక్షేనని ఆ చట్టంలోని నిర్వచనమే చెబుతోంది. న్యాయమైన లక్ష్యం కోసం, అవసరమైన మేరకు మాత్రమే తేడా చూపవచ్చు. ఇప్పుడు మీ జాబ్ డిస్క్రిప్షన్ తీసి చూడండి. ఫోన్‌లో మాట్లాడటం అన్న పని అందులో ఉందా? లేకపోతే ఆ కారణం అక్కడితో ఆగిపోతుంది. ఉంటే, ఆ పని మెయిల్‌తోనో, మాటల్ని అక్షరాలుగా చూపే సాఫ్ట్‌వేర్‌తోనో, పక్క సీటు వారితో పని మార్చుకునో జరుగుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. అది అభ్యర్థితో మాట్లాడి తేల్చుకోవాలి, రెజ్యూమె చూసి తేల్చేది కాదు. ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలని ఇదే చట్టం సెక్షన్ 21 చెబుతోంది. మీ కంపెనీది హెచ్‌ఆర్‌ను అడిగి తీసుకుని, నోట్‌ను దానితో పోల్చి చూసుకోండి.

ఇ విషయం వేరు. తెలిసినవారి సిఫార్సుతో వచ్చిన రెజ్యూమెను చూడటం ప్రైవేటు కంపెనీలో నేరం కాదు. చిక్కు ఎక్కడంటే, కనీసం ఐదేళ్ల అనుభవం కావాలని ప్రకటించి, మూడున్నరేళ్ల వ్యక్తిని రెండో స్థానంలో పెట్టడం. ఆ సడలింపు ఒక్కరికే ఇస్తే మిగతా ర్యాంకుల మీద కూడా నమ్మకం పోతుంది. నియామక ప్రక్రియ మొదలయ్యాక అర్హత నిబంధనలను మధ్యలో మార్చకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్‌లో తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో చెప్పింది. అది ప్రభుత్వ నియామకాలకు సంబంధించిన తీర్పు, మీకు నేరుగా వర్తించదు. అయినా న్యాయబద్ధత ఎక్కడుందో చెప్పడానికి మంచి కొలబద్ద. మూడున్నరేళ్లు చాలనిపిస్తే షరతు మార్చి మళ్లీ ప్రకటించండి. లేకపోతే ఇ పేరు పక్కన ఒక్క వాక్యం చాలు: 'కనీస అనుభవం 5 ఏళ్లు, రెజ్యూమె ప్రకారం 3 ఏళ్ల 6 నెలలు, అందువల్ల మార్కులు వేయలేదు.' డైరెక్టర్ గారి ప్రస్తావన అవసరం లేదు.

ఇక మళ్లీ వరుస వేయడం ఎలా? మీ జాబ్ డిస్క్రిప్షన్ నేను చూడలేదు కాబట్టి ఇలాంటి పోస్టుకు సాధారణంగా ఉండే షరతులతో చూపిస్తాను. షరతులను రెండుగా విడదీయండి. కామర్స్ డిగ్రీ, ఐదేళ్ల అనుభవం తప్పనిసరి. వీటికి ఉంది లేదా లేదు అనే జవాబే, మార్కులు ఉండవు. ఇవి దాటినవారికే మార్కులు: నెలాఖరు ఖాతాల ముగింపు 40, జీఎస్‌టీ రిటర్నుల దాఖలు 30, ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ 20, కింద సిబ్బందిని నడిపిన అనుభవం 10. స్వయంగా చేసినట్టు రెజ్యూమెలో ఉంటే పూర్తి మార్కులు, సాయపడినట్టు ఉంటే సగం, ప్రస్తావన లేకపోతే సున్నా.

ఈ 40, 30, 20, 10 ఎవరు నిర్ణయించారన్నది చాలా ముఖ్యం. మీరు ఐదు రెజ్యూమెలూ చూసేశారు. ఇప్పుడు మీరే మార్కులు పంచితే, కావలసిన వ్యక్తి పైకి వచ్చేలా పంచారని ఎవరైనా అనవచ్చు, దానికి మీ దగ్గర జవాబు ఉండదు. అందుకే రెజ్యూమెలు చూడని ఒక సహోద్యోగికి జాబ్ డిస్క్రిప్షన్ మాత్రమే ఇచ్చి, మార్కుల పంపకం రాయించి, తేదీ వేయించండి. ఆ కాగితాన్ని నోట్‌కు జత చేయండి.

ఈ లెక్కతో మీ అభ్యర్థులను, రెజ్యూమెల్లో ఇలా ఉందనుకుని, చూద్దాం. ఎ నెలాఖరు ముగింపు మూడేళ్లు సొంతంగా చేశారు, జీఎస్‌టీఆర్-1, జీఎస్‌టీఆర్-3బి తనే దాఖలు చేశారు, ఈఆర్‌పీలో సాయం మాత్రమే, ముగ్గురు సిబ్బందిని నడిపారు. 40, 30, 10, 10, మొత్తం 90. సికి ముగింపు, జీఎస్‌టీ రెండూ పూర్తి, ఈఆర్‌పీ సగం, సిబ్బంది అనుభవం లేదు: 80. బి ముగింపులో సాయపడ్డారు, జీఎస్‌టీ, ఈఆర్‌పీ పూర్తి, సిబ్బంది లేరు: 70. డికి ముగింపు పూర్తి, జీఎస్‌టీ సగం, ఈఆర్‌పీ లేదు, సిబ్బంది అనుభవం ఉంది: 65. నాలుగో స్థానంలో ఉన్న సి రెండోకి వచ్చారు, రెండులో ఉన్న ఇ లెక్కలోనే లేరు.

సి రెండేళ్లు పనికి దూరంగా ఉన్నారు, ఈలోగా జీఎస్‌టీ నిబంధనలు మారాయి కదా అని మీకు అనిపించవచ్చు. సందేహం సహేతుకమే. కానీ ఇటీవలి అనుభవం కావాలని జాబ్ డిస్క్రిప్షన్‌లో లేనప్పుడు దానికి మార్కులు కోయలేరు. తాజా నిబంధనల మీద ఒక చిన్న పరీక్ష పెట్టి, దాన్ని పిలిచిన అందరికీ పెట్టండి. సి వరుస నోట్‌లో ఇలా ఉంటే చాలు:

'సి: తప్పనిసరి అర్హతలు ఉన్నాయి. ముగింపు 40 (రెజ్యూమె 1వ పేజీ, చివరి ఉద్యోగం), జీఎస్‌టీ 30 (1వ పేజీ), ఈఆర్‌పీ 10 (2వ పేజీ, శిక్షణతో పాటు సహాయక పని), సిబ్బంది నిర్వహణ 0 (ప్రస్తావన లేదు). మొత్తం 80. ఇంటర్వ్యూలో చూడవలసింది: తాజా జీఎస్‌టీ నిబంధనలపై అవగాహన (అందరికీ ఒకే ప్రశ్నలు).'

ప్రతి మార్కుకూ పేజీ చూపడం శ్రమే. కానీ హెచ్‌ఆర్‌లో వేరొకరు అదే రెజ్యూమె తెరిచి అదే మార్కుకు రాగలిగితేనే మీ నోట్ నిలబడుతుంది. 'మా టీమ్‌కు సరిపోరు', 'చురుకుదనం తక్కువ' లాంటి మాటలకు పేజీ చూపలేరు, అందుకే అవి వద్దు. 'అనుభవం అబద్ధంలా ఉంది' అని అసలే రాయవద్దు. ఆధారం లేకుండా రాస్తే, హెచ్‌ఆర్‌కు పంపినదైనా అది మూడో వ్యక్తికి తెలియజేసినట్టే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద పరువు నష్టం ఆరోపణకు చోటిస్తుంది. సద్భావనతో రాసినదానికి మినహాయింపు ఉంది గానీ, సద్భావనను నిరూపించుకోవలసింది మీరే. 'అనుభవ ధ్రువపత్రాలు పరిశీలించాలి' అని రాస్తే పని జరుగుతుంది.

బి, డి మధ్య తేడా 5 మార్కులే. జీఎస్‌టీలో పూర్తికీ సగానికీ మధ్య తేడా 15. అంటే డి రెజ్యూమెలోని ఒక్క వాక్యాన్ని మరొకరు ఇంకోలా చదివితే వరుస తారుమారవుతుంది. ముగ్గురినే పిలవాలనుకుంటే గీత సరిగ్గా ఇక్కడే పడుతుంది. వైకల్యం ఉన్న వ్యక్తి ఆ గీత కింద ఉన్నప్పుడు నేనైతే నలుగురినీ పిలవమంటాను. వీలుకాదంటే, జీఎస్‌టీ పనిలో తమ పాత్ర ఏమిటో వివరించమని బికీ డికీ ఒకే మెయిల్ పంపి, జవాబులను బట్టి మార్కులు సరిచూడండి.

మీరు ఇదివరకు పంపిన మెయిల్, మీ చేతిరాత కాగితం సంగతి. వాటిని చింపడం, తొలగించడం చేయవద్దు. కోర్టులో సాక్ష్యంగా రాకుండా చేయడానికి పత్రాన్ని, ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం న్యాయ సంహిత సెక్షన్ 241 కింద నేరం. కేసు వస్తే కంపెనీ దగ్గరున్న పత్రాలను హాజరు పరచమని కోర్టు ఆదేశించగలదు, మీ మెయిల్ హెచ్‌ఆర్ దగ్గర ఎలాగూ ఉంది. పాత తేదీ వేయడం కూడా వద్దు. కొత్త నోట్ మొదట్లో ఇవాళ్టి తేదీతో ఇలా రాయండి: 'నేను ఇంతకు ముందు పంపిన వరుస జాబ్ డిస్క్రిప్షన్‌లోని ప్రమాణాల ప్రకారం మార్కులు వేసి ఇచ్చినది కాదు. దాన్ని ఉపసంహరించుకుంటున్నాను. జతపరిచిన మార్కుల పంపకం ప్రకారం కొత్త వరుస ఇది.' కేసు వస్తే సాధారణంగా ప్రతివాది కంపెనీయే అవుతుంది, మీరు సాక్షిగా వెళ్తారు. ఎవరూ అడగకముందే తేదీతో దిద్దుకున్న నోట్ చేతిలో ఉంటే, పాత కాగితం గురించి అడిగినప్పుడు చెప్పడానికి నిజమైన జవాబు ఉంటుంది.

నోట్‌ను హెచ్‌ఆర్‌లో ఈ నియామకం చూసేవారికి మాత్రమే పంపండి, టీమ్ గ్రూపులో పెట్టవద్దు. పెళ్లి, వయసు, వైకల్యం వివరాలు అందులో ఎక్కడా ఉండకూడదు. డికి ఇంటర్వ్యూలో సదుపాయం కావాలా అన్నది పిలుపు మెయిల్‌లో అడగండి. ఆ ప్రశ్న డిని ఒక్కరినే కాదు, పిలిచిన ప్రతి ఒక్కరినీ అడగాలి.