హిందీ అనువాదం అయిపోయాక మూలంతో ఎలా సరిచూడాలి

చిన్నా,

నువ్వు పంపిన అనువాదం నిన్న రాత్రి చదివాను. తెలుగు హాయిగా సాగిపోయింది. అందుకే మళ్లీ హిందీ మూలం పక్కన పెట్టుకుని చదివాను. తెలుగు సాఫీగా ఉన్నప్పుడు తప్పు కంటికి ఆనదు, మూలంతో కలిపి చూస్తేనే బయటపడుతుంది.

నీ మూడో పేజీలో ఒక లైను చూద్దాం. హిందీలో 'లఘు ఉద్యోగ్ శురూ కర్నే కే లియే డేఢ్ లాఖ్ రుపయే తక్ కా ఋణ్ దియా జాయేగా' అని ఉంది. నువ్వు 'చిన్న ఉద్యోగం మొదలుపెట్టడానికి లక్ష రూపాయల రుణం ఇస్తారు' అని రాశావు. ఈ ఒక్క లైన్లో మూడు తప్పులున్నాయి. హిందీలో ఉద్యోగ్ అంటే పరిశ్రమ, మన ఉద్యోగం కాదు. డేఢ్ లాఖ్ అంటే లక్షన్నర. 'తక్' అంటే 'వరకు', అది నీ తెలుగులో పూర్తిగా ఎగిరిపోయింది, దాంతో ఇచ్చే మొత్తానికి ఉన్న గరిష్ఠ పరిమితి కాస్తా అందరికీ ఇచ్చే మొత్తంగా మారిపోయింది. పైగా దాని తర్వాతి వాక్యం అసలే లేదు: మొదటి ఆరు నెలలు వడ్డీ తీసుకోరని చెప్పే వాక్యం. రెండు వాక్యాలూ 'జాయేగా' తోనే ముగుస్తాయి కదా, నువ్వు మొదటిది రాసి తలెత్తి మళ్లీ మూలంలోకి చూసేసరికి కన్ను రెండో 'జాయేగా' మీద వాలింది. హిందీ కాగితాల్లో వాక్యాలు జారిపోయేది ఎక్కువగా ఇలాగే.

కాబట్టి మొదట అర్థం జోలికి పోకుండా వాక్యాలు లెక్కపెట్టు. ప్రింటు తీసి, మూలంలో పూర్ణవిరామం గీత దగ్గరల్లా పెన్సిల్‌తో నంబరు వెయ్యి, తెలుగులోనూ అవే నంబర్లు వెయ్యి. రెండు వాక్యాలు కలిపి రాసి ఉంటే 7+8 అని పెట్టు. నంబరుకు జోడీ దొరకలేదంటే అక్కడ వాక్యం పోయినట్టే. పట్టికల కింద చిన్న అక్షరాల్లో ఉండే గమనికలకూ నంబర్లు వెయ్యి, అవి మరీ తేలిగ్గా జారిపోతాయి.

తర్వాత అంకెలు. ఈసారి తెలుగు నుంచి మొదలుపెట్టి ఒక్కో సంఖ్యనూ వేలితో పట్టుకుని మూలంలోకి వెళ్లు, వేరే ఏదీ చదవకు. అక్షరాల్లో రాసిన సంఖ్యల దగ్గర ఆగి లెక్క కట్టు. సవా లాఖ్ 1,25,000, పౌనే దో లాఖ్ 1,75,000, ఢాయీ సౌ 250. పౌనే అంటే పావు తక్కువ, 'దో' కనిపించింది కదా అని రెండు లక్షలు వేసేస్తే పాతిక వేలు ఎక్కువ వేసినట్టే. 'ఉన్' తో మొదలయ్యేవి వచ్చే పది కంటే ఒకటి తక్కువ: ఉనసఠ్ 59, ఉనహత్తర్ 69. 89కి నవాసీ, 99కి నిన్యానవే అంటారు, వీటికి ఆ లెక్క పనికిరాదు. నాగరి లిపిలో రాసిన 1 మన కంటికి అచ్చం 9లా కనిపిస్తుంది, దాన్ని మాత్రం రెండుసార్లు చూడు. నేను కొత్తలో ఒక కరపత్రంలో ఈ పొరపాటే చేశాను, 1వ తారీఖు 9వ తారీఖుగా అచ్చయింది, జనం గడువు దాటాక వచ్చి తిరిగి వెళ్లిపోయారు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

మూడోసారి చూసేటప్పుడు తెలుగులోనూ ఉన్న సంస్కృతం మాటల మీదే కన్ను పెట్టు. తెలియని మాటకైతే నిఘంటువు తీస్తాం, తెలుసనుకున్న మాటకు తీయం, ముంచేది అదే. శిక్షా అంటే చదువు, అవసర్ అంటే అవకాశం, వ్యవసాయ్ అంటే వ్యాపారమో వృత్తో, ఉపన్యాస్ అంటే నవల. పరిశ్రమ్ అంటే కష్టపడటం, మన పరిశ్రమ కాదు. 'అనుమానిత్ వ్యయ్' అంటే అంచనా ఖర్చు, దాన్ని అనుమానాస్పద ఖర్చు అని రాసినవాళ్లను చూశాను. ఇలాంటివి ఎదురైనప్పుడల్లా ఒక నోటుబుక్కులో వాక్యంతో సహా రాసుకో, ఒట్టి మాట రాసుకుంటే రెండు నెలల తర్వాత అది ఎక్కడ మోసం చేసిందో గుర్తుండదు.

ఇదంతా అనువాదం ముగించిన రోజే చేయకు, ఒక రాత్రి గడవనీ. మీ పిన్నికి హిందీ బాగా వచ్చు కాబట్టి నాకు ఇంకో సదుపాయం ఉంది: ఎంవీపీ కాలనీ ఇంట్లో పొద్దున్నే బాల్కనీలో కూర్చుని తను మూలం పైకి చదువుతుంది, నేను తెలుగు మీద వేలు జరుపుకుంటూ పోతాను. వేలు ఆగిపోయిందంటే అక్కడేదో పోయినట్టే. నీకూ అలాంటి తోడు దొరికితే వదలకు.

దిద్దిన లైన్లను మాత్రం మళ్లీ మూలంతో చూడు. 'లక్షన్నర' అని సరిచేస్తూ పక్కనున్న 'వరకు' చెరిపేయడం నా చేత్తో నేనే చేశాను. ఆ మూడో పేజీ సరిచేసి ఆదివారంలోగా పంపు, మిగతా పేజీలకు కూడా నంబర్లు వేసి ఉంచు, ఈసారి పైకి చదివే పని నేను చేస్తాను.

మీ బాబాయ్
విశాఖపట్నం